తేదీ ముందా, షాపు ముందా? ఇండెక్స్‌లో కాలమ్‌ల వరస మీద చర్చ

కొత్తపేట_కోడర్ (గుంటూరు):
మిర్చి యార్డు కమీషన్ షాపుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మాది. పోస్ట్‌గ్రెస్ 16, lots టేబుల్‌లో 40 లక్షల రోలు. ఒక షాపుకి ఫిబ్రవరి నుంచి మే దాకా వచ్చిన లాట్లు అడిగితే స్క్రీన్ తిరుగుతూనే ఉంటుంది. తేదీ, షాపు రెండూ ఇండెక్స్‌లో ఉన్నాయి కదా, మరి ఎందుకింత ఆలస్యం?

```sql
CREATE INDEX i1 ON lots (arrived_on, shop_id);

SELECT * FROM lots
WHERE shop_id = 212
  AND arrived_on BETWEEN '2025-02-01' AND '2025-05-31';
```

బెంజిసర్కిల్_డీబీ:
మీ ఇండెక్స్ సరిగ్గానే ఉంది. ఎక్కువ రకాల విలువలున్న కాలమ్‌ని ముందు పెట్టాలి, అది మొదటి నుంచీ ఉన్న నియమం. షాపులు ఎన్ని, ఒక 500 ఉంటాయా? తేదీలు అంతకంటే ఎక్కువే కదా. లోపం డిస్క్‌లోనో మెమరీలోనో ఉంటుంది, అటు చూడండి.

పట్టాభిపురం:
నేను WHERE లో shop_id ముందు రాసి చూశాను, తర్వాత తేదీ ముందు రాసి చూశాను. రెండిటికీ ఒకే టైమ్ పట్టింది. కాబట్టి వరసకీ స్పీడుకీ సంబంధం లేదని నా అనుభవం.

అరండల్‌పేట_పాతకాపు:
పట్టాభిపురం గారూ, మీరు మార్చింది ప్రశ్నలోని వరస. దాన్ని ఎలా రాసినా ప్లానర్‌కి ఒకటే. ఇక్కడ అడుగుతున్నది ఇండెక్స్ కట్టిన వరస గురించి.

మన బ్రాడీపేట అడ్రసు తీసుకోండి. 4/14 అంటే 4వ లైను, 14వ అడ్డరోడ్డు. కొరియర్ కుర్రాడు కవర్లని ముందు లైను ప్రకారం, ఒకే లైనువైతే అడ్డరోడ్డు ప్రకారం పేర్చుకున్నాడనుకోండి. 4/14 కవర్లు అడిగితే అన్నీ ఒకేచోట దొరుకుతాయి. 4వ లైను మొత్తం అడిగినా ఒకే కట్ట. అదే 14వ అడ్డరోడ్డు కవర్లన్నీ అడిగితే? ప్రతి లైను కట్టలోనూ కాసిని ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటి ఉండవు. రెండు కాలమ్‌ల ఇండెక్స్ అచ్చంగా ఇలాంటి పేర్పే. రెండో కాలమ్ వరసలో ఉండేది మొదటి కాలమ్ విలువ మారనంతసేపే.

ఇండెక్స్‌ని పోస్ట్‌గ్రెస్ చెట్టు ఆకారంలో, పేజీలుగా దాస్తుంది. ఇప్పుడు మీ చెట్టులోకి దిగుదాం. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కిలోబైట్లు. మీ కీ ఒక తేదీ, ఒక పూర్ణాంకం కాబట్టి పేజీకి సుమారు 350 ఎంట్రీలు పడతాయనుకుందాం (డూప్లికేట్ కీలని కుదించే ఏర్పాటుంది, లెక్క తేలికగా ఉండటానికి దాన్ని వదిలేస్తున్నా). 40 లక్షలకి 11 వేల పైచిలుకు లీఫ్ పేజీలు. వాటికి దారి చూపే పేజీలు ఒక 33. వాటి పైన ఒక్క రూట్ పేజీ. అంటే చెట్టు మొత్తం ఎత్తు మూడు మెట్లు. ప్రతి పేజీలోనూ మధ్య ఎంట్రీతో పోల్చి సగం, మళ్లీ సగం వదిలేసుకుంటూ పోతుంది. 350లో చోటు తెలుసుకోవడానికి తొమ్మిది పోలికలు చాలు. పోల్చేటప్పుడు ముందు తేదీ చూస్తుంది, తేదీలు సమానమైతేనే షాపు చూస్తుంది.

i1లో మీ ప్రశ్న ఫిబ్రవరి 1, షాపు 212 దగ్గరికి మూడు పేజీల్లో చేరుతుంది. అక్కడిదాకా బాగుంది. తర్వాత? ఫిబ్రవరి 2న వచ్చిన 212 షాపు ఎంట్రీకి ముందు ఫిబ్రవరి 1న వచ్చిన 213, 214... మిగతా షాపులన్నీ అడ్డుగా ఉన్నాయి. లీఫ్ పేజీలు పక్కపక్కన గొలుసులా కలిసి ఉంటాయి కాబట్టి మే 31 దాకా ఆ గొలుసు పట్టుకుని నడవాల్సిందే. సీజన్‌లో అన్ని షాపులకీ కలిపి 7 లక్షల లాట్లు వచ్చాయనుకుంటే 2,000 లీఫ్ పేజీలు.

```sql
CREATE INDEX i2 ON lots (shop_id, arrived_on);
```

i2లో 212 షాపువన్నీ ఒకే కట్ట, ఆ కట్ట లోపల తేదీల వరస. ఆ షాపు లాట్లు 1,400 అయితే 4 లేదా 5 లీఫ్ పేజీలు. సమానత్వం అడిగే కాలమ్ ముందు, పరిధి అడిగే కాలమ్ వెనక. టేబుల్ నుంచి తెచ్చే ఆ 1,400 రోల ఖర్చు మాత్రం రెండిటిలోనూ ఒకటే, అది తగ్గదు.

బెంజిసర్కిల్_డీబీ:
అయితే ఎక్కువ విలువలున్న కాలమ్ ముందుండాలన్నది తప్పంటారా? మాకు ట్రైనింగ్‌లో అదే చెప్పారు.

అరండల్‌పేట_పాతకాపు:
ఒకే కాలమ్‌తో ఇండెక్స్ కట్టేటప్పుడు ఏ కాలమ్ ఎంచుకోవాలో తేల్చడానికి అది పనికొస్తుంది. రెండు కాలమ్‌లకీ `=` ఉంటే ఏది ముందున్నా అవే మూడు పేజీలు, ఎందుకంటే పోల్చేది జంటని. జంటకి ఎన్ని విలువలున్నాయన్నది వరస మార్చినా మారదు. ఇక్కడ ఒకదానికి `=`, ఇంకోదానికి పరిధి. అందుకే ఆ నియమం పట్టుకుని వెళితే తప్పుదారి పడుతున్నారు.

కొత్తపేట_కోడర్:
అన్నా, EXPLAIN లో మాత్రం Index Cond కింద తేదీ, షాపు రెండూ కనిపిస్తున్నాయి. అది చూసే ఇండెక్స్ పూర్తిగా వాడుతోందని అనుకున్నా.

అరండల్‌పేట_పాతకాపు:
చాలామంది అక్కడే పొరబడతారు. షాపు షరతుని ఇండెక్స్ లోపలే చూస్తుంది కాబట్టి Index Cond లో చూపిస్తుంది. కానీ ఆ షరతు నడవాల్సిన దూరాన్ని తగ్గించిందా లేదా అన్నది ఆ లైను చెప్పదు. `EXPLAIN (ANALYZE, BUFFERS)` అని అడిగి Buffers అంకె చూడండి. వచ్చిన రోలకి సరిపోని పేజీలు చదివితే అదే గుర్తు.

బెజవాడ_మెడికల్:
మాది మందుల హోల్‌సేల్. మీరు చెప్పినట్టు పార్టీ నంబరు ముందు పెట్టి, తేదీ ముందున్న ఇండెక్స్ తీసేశాం. ఇప్పుడు సాయంత్రం రోజు మొత్తం బిల్లుల రిపోర్టు తీయడానికి నిమిషాలు పడుతోంది. మాకు రోజూ టెన్షనే.

అరండల్‌పేట_పాతకాపు:
మీ రిపోర్టులో పార్టీ నంబరే లేదు కదండీ. 14వ అడ్డరోడ్డు కవర్లన్నీ అడిగినట్టే అయింది. మీకు తేదీ ముందున్న ఇండెక్స్ కూడా కావాలి. తీసేసే ముందు ఏయే ప్రశ్నలు దాని మీద నడుస్తున్నాయో చూడాల్సింది.

బెంజిసర్కిల్_డీబీ:
పోస్ట్‌గ్రెస్ 18లో స్కిప్ స్కాన్ వచ్చింది కదా. i1 ఉన్నా ఒక్కో తేదీకి నేరుగా 212 దగ్గరికి దూకుతుంది. రెండో ఇండెక్స్ ఎందుకు? ఇంకో మాట. తేదీ ముందుంటే కొత్త లాటు ఎప్పుడూ చెట్టు కుడి చివరే చేరుతుంది. షాపు ముందుంటే 500 చోట్లకి చెదిరిపోతుంది. పొద్దున యార్డులో టిక్కీలు దిగి ఎంట్రీలు పడే వేళ ఆ తేడా తెలుస్తుంది.

అరండల్‌పేట_పాతకాపు:
రెండూ నిజమే. నాలుగు నెలలంటే 120 తేదీలు. ఒక్కో దూకుడుకి మూడు పేజీల చొప్పున సుమారు 360 పేజీలు. 2,000 కంటే చాలా నయం, అయినా నాలుగైదు పేజీల దగ్గరికి రాదు. పైగా ముందున్న కాలమ్‌లో తేదీకి బదులు సెకన్లతో సహా సమయం ఉంటే దూకాల్సిన చోట్లు లక్షల్లోకి వెళతాయి, అప్పుడు లాభం ఉండదు. ఎంట్రీల ఖర్చు విషయం మాత్రం మీ సర్వర్ మీద కొలవకుండా నేను చెప్పలేను.

కొత్తపేట_కోడర్:
టెస్ట్ సర్వర్ మీద i2 కట్టి చూశా. స్క్రీన్ వెంటనే వచ్చింది. కానీ మాకూ రోజు రిపోర్టు ఉంది, i1 తీయలేను. రెండూ ఉంచితే పొద్దున ఎంట్రీలు ఎంత మందగిస్తాయో సోమవారం యార్డు తెరిచాక కొలిచి ఇక్కడే పెడతా.

బెంజిసర్కిల్_డీబీ:
అంకెలు పెట్టండి. నేనింకా ఒక్క ఇండెక్స్, 18కి మారడం అనే అంటాను.