కె-మ్యాప్‌లో నాలుగు ఒకట్ల గ్రూపు వదిలేయాలా, ఉంచాలా?

అందరికీ నమస్కారం. డిజిటల్ ల్యాబ్ కోసం ఈ ఫంక్షన్‌ను చిన్న సర్క్యూట్‌గా మార్చాలి:

`F(A,B,C,D) = Σm(1,5,6,7,11,12,13,15)`

మ్యాప్ గీయగానే మధ్యలో 5, 7, 13, 15 గళ్లు నాలుగూ ఒక చతురస్రంగా కనిపిస్తాయి. అది `BD`. పెద్ద గ్రూపులు ముందు తీసుకోవాలంటారు కదా, కాబట్టి దాంతోనే మొదలుపెట్టాను. కానీ మిగిలిన 1, 6, 11, 12 గళ్లలో ఒక్కోదానికి పక్కన ఒకటున్న గడి ఒక్కటే ఉంది, అదీ ఆ చతురస్రంలోదే. అలా నాలుగు జతలు తప్పనిసరిగా వచ్చాయి:

`F = A'C'D + A'BC + ABC' + ACD`

ఈ నాలుగే ఎనిమిది గళ్లనూ కప్పేస్తున్నాయి. అంటే `BD` దండగే. మా సార్ కూడా తీసేయమన్నారు.

నా అనుమానం వేరే. `B=1, C=0, D=1` ఉండగా `A` 1 నుంచి 0కి మారితే 13 నుంచి 5కి వెళ్తాం. అప్పుడు `ABC'` ఆగిపోయి `A'C'D` మొదలవుతుంది. ఇన్వర్టర్ ఆలస్యం వల్ల అవుట్‌పుట్ ఓ క్షణం సున్నాకి పడదా? `BD` ఉంటే ఆ బెడద లేదు.

పైగా నాండ్ గేట్లతో కడితే `BD` లేకపోయినా రెండు 7410లు, ఒక 7420 కావాలి. `BD` ఉంటే 7410లో మిగిలిన గేటు వాడుకుని, 7420 బదులు 7430 పెడితే చాలు. ఐసీల సంఖ్య అంతే!

అవుట్‌పుట్ ఎల్‌ఈడీకి వెళ్తే పర్వాలేదేమో, ఫ్లిప్‌ఫ్లాప్ క్లాక్‌కి వెళ్తే? అనుభవం ఉన్నవాళ్లు మీరైతే `BD` ఉంచుతారా, చెప్పగలరా?