ఉడికిన గుడ్డులో పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత: తినొచ్చా, తీసెయ్యాలా?

ప్రశ్న: గుడ్లు ఉడకబెట్టి కోస్తే పచ్చసొన చుట్టూ బూడిద కలిసిన ఆకుపచ్చ గీత వస్తోంది. కాస్త గంధకం వాసన కూడా. తింటే ఏమైనా అవుతుందా? పిల్లలకు పెట్టొచ్చా?

శ్రీధర్: తినొచ్చు, పిల్లలకూ పెట్టొచ్చు. అది బూజు కాదు, ఐరన్ సల్ఫైడ్. వేడి ఎక్కువసేపు తగిలితే తెల్లసొనలోని ప్రోటీన్ల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. ఇనుము ఉండేదేమో పచ్చసొనలో. రెండూ ఎదురుపడేది అంచు దగ్గరే కాబట్టి గీత అక్కడే పడుతుంది, మధ్యలో పసుపు పసుపుగానే ఉంటుంది.

మాధవి: హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు కదండీ! గీకి పారేస్తే పోలా? అయినా ఇది పాత గుడ్లకే వస్తుంది.

శ్రీధర్: గుడ్డులో పుట్టేది ముక్కుకి తెలిసేంతే, హాని చేసేంత కాదు. గీతగా మారింది వాయువు కూడా కాదు. పాత గుడ్ల మాట సగం నిజం. గుడ్డు నిల్వ ఉన్నకొద్దీ తెల్లసొనలో క్షారగుణం పెరిగి ఆ వాయువు తేలిగ్గా పుడుతుంది. కానీ నిన్నటి గుడ్డునైనా 20 నిమిషాలు మరిగించి ఆ వేడినీళ్లలోనే వదిలేయండి, గీత రాకపోతే అడగండి.

రమణ: మొన్న నేను కొట్టిన పచ్చిగుడ్డులో తెల్లసొనే పచ్చగా ఉంది. ఇదేనా?

శ్రీధర్: కాదు, ఉడికించని గుడ్డులో ఈ గీత రాదు. తెల్లసొన లేత పసుపుపచ్చగా ఉండి వాసన లేకపోతే అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగు, మామూలే. ఆకుపచ్చగా మెరుస్తూ కుళ్లు వాసన కొడితే మాత్రం బాక్టీరియా పట్టినట్టు. ఉడికించి చూద్దామనుకోకుండా పారేయండి.

లక్ష్మి: గీత రాకూడదంటే స్టవ్ కట్టేశాక ఏం చేస్తారన్నదే ముఖ్యం. గుడ్లు మునిగి పైన రెండు వేళ్ల ఎత్తు నీళ్లుండాలి. మరుగు పట్టాక మంట తగ్గించి 10–11 నిమిషాలు చాలు. వెంటనే ఐసు నీళ్లలోకి మార్చి 10 నిమిషాలు ఉంచండి. గిన్నెలోనే వదిలేస్తే వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. చల్లబడితే ఆ వాయువు పచ్చసొన వైపు కాక పెంకు వైపు లాగబడుతుంది. గీతకి భయపడి పిల్లల గుడ్డు పచ్చిగా మాత్రం దించకండి.

మాధవి: నేను 10 నిమిషాలకే దించి ఐసులో వేసినా ఒక్కోసారి సన్నగా కనిపిస్తోంది.

లక్ష్మి: మీ నీళ్లలో ఇనుము ఎక్కువేమో, దానివల్లా వస్తుంది.

శ్రీధర్: నేనైతే ముందు గుడ్డు వయసునే అనుమానిస్తాను. వేరే నీళ్లతో ఒకసారి ఉడికించి చూడండి. ఒక్కమాట, గీత లేనంత మాత్రాన గుడ్డు బాగున్నట్టు కాదు. ఉడికిన గుడ్డు బయట 2 గంటలు దాటితే తినకండి. ఫ్రిజ్‌లో అయితే వారం.

మాధవి: సరే, హాని లేదని ఒప్పుకున్నా. గీకడం మాత్రం మానను, ఆ రుచే నాకు పడదు.