హోటల్లో చెక్ ఇన్‌కి 8,000, చెక్ అవుట్‌కి 6,720, రెండూ కట్ అయ్యాయి. ఎవరిని అడగాలి?

గిరింపేట_వాసి
అందరికీ నమస్కారం. మా అక్కావాళ్లు హైదరాబాద్ నుంచి దర్శనానికి వస్తే తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్లో రెండు రాత్రులకి రూము నేనే తీశాను. చెక్ ఇన్ అప్పుడు కౌంటర్‌లో అబ్బాయి నా డెబిట్ కార్డు మిషన్‌లో పెట్టి పిన్ కొట్టమన్నాడు. 8,000 అని మెసేజ్ వచ్చింది. "డిపాజిట్ సార్, వెళ్లేటప్పుడు అడ్జస్ట్ అయిపోతుంది" అన్నాడు. ఖాళీ చేసే రోజు కౌంటర్‌లో వేరే మనిషి ఉన్నాడు. రోజుకి 3,200 చొప్పున రెండు రోజులు, పన్నుతో 6,720 బిల్లు అని మళ్లీ కార్డు పెట్టించుకున్నాడు. 1,280 వెనక్కి వస్తుందనుకుంటే 6,720 కూడా కట్ అయింది. రూము తీయకముందు అకౌంట్లో 23,400 ఉంది, ఇప్పుడు వాడుకోడానికి 8,680 చూపిస్తోంది. హోటల్‌కి ఫోన్ చేస్తే "మాకు ఒక్కసారే వచ్చింది, బ్యాంకుని అడగండి" అంటున్నారు. బ్యాంకుకి పోతే "హోటల్ వాళ్లే వదలాలి" అంటున్నారు. వచ్చే వారం పిల్లోడి హాస్టల్ ఫీజు కట్టాలి, టెన్షన్‌గా ఉంది.

కొర్లగుంట_కుర్రోడు
అన్నా, టెన్షన్ వద్దు. రిజర్వ్ బ్యాంకు రూలు ఉంది, 2019లోనే సర్క్యులర్ ఇచ్చారు. డబ్బులు కట్ అయి లావాదేవీ ఫెయిలైతే 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయలు బ్యాంకే నీకు కట్టాలి. కంప్లైంట్ రాసి పడేయ్.

పలమనేరు_పద్మ
మాకూ ఇలాగే అయింది. కొండ మీద రూముకి కట్టిన కాషన్ డిపాజిట్ ఖాళీ చేసిన కొన్ని రోజులకి అకౌంట్లో పడింది. మీదీ వస్తుంది, ఓపిక పట్టండి.

స్వైప్_మిషన్_మామ
పద్మగారూ, అది వేరే సంగతి. కాషన్ డిపాజిట్ మీరు నిజంగా కట్టిన డబ్బు. అది అవతలివాళ్ల ఖాతాలోకి వెళ్లి, రిఫండ్‌గా తిరిగొస్తుంది. ఇక్కడ 8,000 హోటల్ ఖాతాకి వెళ్లనే లేదు. వెళ్లకుండానే మనకి అందకుండా పోయింది, తిరకాసంతా అక్కడే.

తమ్ముడూ కొర్లగుంట, సర్క్యులర్ నువ్వు చెప్పింది నిజమే, కానీ అది ఈ కేసుకి వర్తించదు. షాపులో కార్డు గీకితే మన ఖాతాలో కట్ అయి, అక్కడ స్లిప్పు రాకపోతే ఆ 5 రోజుల లెక్క. గిరింపేట సార్‌కి రెండుసార్లూ స్లిప్పు వచ్చే ఉంటుంది. ఏదీ ఫెయిల్ కాలేదు, రెండూ సక్సెసే. ఆ సర్క్యులర్ పట్టుకుని కంప్లైంట్ ఇస్తే "ట్రాన్సాక్షన్ సక్సెస్‌ఫుల్" అని రాసి మూసేస్తారు.

సార్, ఆ రెండు స్లిప్పులూ దొరికితే పైన ఏముందో, అప్రూవల్ కోడ్ ఎంతో ఇక్కడ పెట్టండి. కార్డు నంబరు మాత్రం పెట్టకండి.

గిరింపేట_వాసి
దొరికాయి. బిల్లుకి పిన్ను కొట్టి ఇచ్చారు.

```
PRE-AUTH
AMT        8000.00
APPR CODE  418302
```

```
SALE
AMT        6720.00
APPR CODE  773915
```

స్వైప్_మిషన్_మామ
అనుకున్నదే. పదేళ్లు ఈ మిషన్ల సపోర్టులోనే ఉన్నాను, సీజన్లో ఇలాంటి ఫోన్లు రోజూ వచ్చేవి.

PRE-AUTH కొట్టినప్పుడు హోటల్ మిషన్ మీ బ్యాంకుని ఒక్క మాటే అడుగుతుంది: ఈయన దగ్గర 8,000 ఉందా, ఉంటే నా కోసం పక్కన పెట్టు. బ్యాంకు సరేనని 418302 అనే కోడ్ ఇచ్చి, ఆ మేరకు మీ బ్యాలెన్స్‌కి తాళం వేస్తుంది. డబ్బు కదలదు. హోటల్ వాళ్లు తర్వాత వసూలు పంపితేనే కదులుతుంది. ఎంతకి పంపితే అంతే కదులుతుంది.

ఖాళీ చేసేటప్పుడు చేయాల్సింది మిషన్‌లో COMPLETION అనే ఆప్షన్. అది పాత అప్రూవల్ కోడ్ అడుగుతుంది. 418302 కొట్టి 6,720 వేస్తే, మీ బ్యాంకు దాన్ని పాత తాళంతో జత చేసుకుని 6,720 తీసుకుంటుంది, మిగతా 1,280 వదిలేస్తుంది. మీ రెండో మనిషి అలా చేయలేదు. SALE కొట్టాడు. అంటే కొత్తగా ఇంకో అనుమతి, ఇంకో కోడ్. 773915కీ 418302కీ సంబంధం ఉందని మీ బ్యాంకుకి ఎలా తెలుస్తుంది? ఒకే హోటల్లో టిఫిన్‌కి ఒకసారి, రూముకి ఒకసారి గీకేవాళ్లు లేరా? అందుకే పాతదాన్ని అలాగే ఉంచి కొత్తది తీసుకుంది. 23,400లో 8,000 పోతే 15,400, అందులో 6,720 పోతే మీరు చెప్పిన 8,680. తాళం తీస్తే 16,680 కనిపించాలి.

హోటల్ వాళ్లు "ఒక్కసారే వచ్చింది" అనడం అబద్ధం కాదు. వాళ్ల ఖాతాలో 6,720 ఒక్కటే కనబడుతుంది.

నైట్_ఆడిట్_నారీమణి
మామ చెప్పింది కరెక్టే, మా పక్షం నుంచి కూడా ఒక మాట. నేను తిరుపతిలో హోటల్ ఫ్రంట్ ఆఫీసులోనే పనిచేస్తా. ఉదయం షిఫ్టు వాళ్లకి PRE-AUTH స్లిప్పు ఫోల్డర్‌లో కనబడకపోతే కోడ్ ఎక్కడినుంచి తెస్తారు? ఎదురుగా ఇరవై మంది లగేజీతో నిలబడి ఉంటారు, రైలుకి టైమైంది అంటారు. SALE కొట్టేస్తే పని అయిపోతుంది. తప్పే, కాదనను. కానీ SALE కొట్టినా పర్వాలేదు, ఆ వెంటనే పాత PRE-AUTHని క్యాన్సిల్ చేయాలి. ఆ రెండో పని ఎవరికీ గుర్తుండదు.

సార్, మీరు హోటల్‌కి ఫోన్ చేసి "డబ్బు రెండుసార్లు కట్ అయింది" అనకండి. అలా అంటే వాళ్లు సెటిల్‌మెంట్ రిపోర్టు చూసి, ఒక్కటే ఉంది అని పెట్టేస్తారు. "ప్రీ ఆథ్ క్యాన్సిల్ చేయలేదు, కోడ్ 418302" అనండి. మేనేజరుతో మాట్లాడండి. మిషన్‌లో కుదరకపోతే వాళ్ల బ్యాంకుకి మెయిల్ పెట్టి తీయించొచ్చు.

కాణిపాకం_బస్సు
నాదొక డౌటు. నాకు దీనికి ఉల్టా జరిగింది. చిత్తూరులో ఒక ఫర్నిచర్ షాపులో క్రెడిట్ కార్డుతో 14,500కి బీరువా కొన్నా. యాప్‌లో పెండింగ్ అని కనిపించింది, కొన్నాళ్లకి మాయమైంది, లిమిట్ కూడా వెనక్కొచ్చింది. దేవుడిచ్చిన బీరువా అనుకున్నాం. తర్వాత ఒకరోజు హఠాత్తుగా బిల్లులోకి ఎక్కింది. పాత తేదీతోనే! ఇది మోసమా?

స్వైప్_మిషన్_మామ
మోసం కాదు, బీరువా మీ ఇంట్లోనే ఉందిగా.

అనుమతికి ఒక గడువు ఉంటుంది. ఆ లోపు షాపు నుంచి వసూలు రాకపోతే బ్యాంకు తాళం తీసేస్తుంది, యాప్‌లో ఎంట్రీ పోతుంది. అంతమాత్రాన బాకీ తీరినట్టు కాదు. షాపాయన మిషన్‌లో ఆ రోజు గీకినవాటి బ్యాచ్ బ్యాంకుకి వెళ్లి సెటిల్ అవ్వకుండా ఉండిపోయి ఉంటుంది. నెట్ లేకపోయినా, మిషన్ మూలన పడేసినా అలా జరుగుతుంది. ఇప్పుడు చాలా మిషన్లు రాత్రి వాటంతటవే సెటిల్ అవుతున్నాయి, అయినా తప్పేవి ఉంటాయి. ఆయన ఆలస్యంగా పంపినా కొన్న తేదీ పాతదే ఉంటుంది, ఖాతాకెక్కిన తేదీ కొత్తది. స్టేట్‌మెంట్‌లో రెండు తేదీలూ చూడండి.

కొర్లగుంట_కుర్రోడు
ఆగు మామా. గడువు అయిపోయాక పంపితే కట్టనక్కర్లేదని మా ఫ్రెండ్ చెప్పాడు. బ్యాంకు డిస్ప్యూట్ వేస్తే షాపు ఓడిపోతుందంట.

స్వైప్_మిషన్_మామ
ఆలస్యం మరీ ఎక్కువైతే కార్డు బ్యాంకు తిప్పి పంపే వీలు ఉంది. ఏ నెట్‌వర్క్, ఏ రకం షాపు, ఎంత ఆలస్యం అన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ సరుకు తీసుకుని ఆ దారిన పోవడం నాకు నచ్చదు. షాపాయన తిన్నగా వచ్చి బిల్లు చూపించి అడుగుతాడు, అప్పుడేమంటావు?

కొర్లగుంట_కుర్రోడు
సరే, దాని మీద మన ఇద్దరికీ కుదరదులే.

పలమనేరు_పద్మ
మరి ఫోన్‌లో స్కాన్ చేసి కట్టినప్పుడు ఇలా ఎందుకు అవ్వదు? మా కూరగాయలాయనకి కట్టగానే ఆయన డబ్బా అరుస్తుంది.

స్వైప్_మిషన్_మామ
యూపీఐలో స్కాన్ చేసి కట్టేది అడగడం, తీసుకోవడం ఒకే దెబ్బకి అయిపోయే లావాదేవీ అమ్మా. పక్కన పెట్టడం అనే మెట్టు అందులో ఉండదు. షేర్ల ఐపీవోకి యూపీఐలో డబ్బు బ్లాక్ చేస్తారు చూడండి, అది మాత్రం దాదాపు మన PRE-AUTH లాంటిదే. షేర్లు రాకపోతే తాళం తీస్తారు.

గిరింపేట_వాసి
మేనేజరుతో మాట్లాడాను. "418302 ప్రీ ఆథ్" అనగానే గొంతు మారింది. రాత్రి చూసి చెప్తానన్నాడు. ఇంకో డౌటు. నా పాస్‌బుక్‌లో 8,000 డెబిట్ అనే ఉంది, హోల్డ్ అని లేదు. అప్పుడు అది నిజంగా పోయినట్టే కదా?

స్వైప్_మిషన్_మామ
కాదు. క్రెడిట్ కార్డు యాప్‌లో పెండింగ్ అని విడిగా చూపిస్తారు. డెబిట్ కార్డులకి మన దగ్గర కొన్ని బ్యాంకులు అనుమతి ఇచ్చిన క్షణమే ఖాతాలోంచి తీసి తమ దగ్గరే ఒక ఖాతాలో పెట్టుకుంటాయి, ఇంకొన్ని హోల్డ్ అనో లియన్ అనో రాస్తాయి. మీ బ్యాంకు మొదటి రకం. వదిలినప్పుడు మీకు 8,000 క్రెడిట్ ఎంట్రీగా పడుతుంది. మీకు చూడ్డానికి రిఫండ్‌లాగే ఉంటుంది, కానీ హోటల్ పంపింది కాదు.

ఇంకో జాగ్రత్త. 8,000 మీద ఇప్పుడే డిస్ప్యూట్ ఫారం నింపకండి. హోటల్ ఇంకా వసూలు పంపలేదు కాబట్టి వెనక్కి లాగడానికి ఏమీ లేదు. ఒకవేళ ఎవరో అత్యుత్సాహంగా COMPLETION కూడా కొడితే అప్పుడు హోటల్ నిజంగా రెండుసార్లు తీసుకున్నట్టు. అప్పుడు ఆ SALE స్లిప్పే మీకు సాక్ష్యం, పారేయకండి.

గిరింపేట_వాసి
ఆయన ఏమీ చేయకపోతే?

నైట్_ఆడిట్_నారీమణి
గడువు తీరితే బ్యాంకే వదిలేస్తుంది. హోటల్ కాబట్టి మామూలు షాపు కంటే ఎక్కువ కాలం పట్టుకునే వీలు ఇస్తారు. వారంలో వదిలిన బ్యాంకుల్నీ చూశాను, నెల దాకా పట్టుకున్నవాటినీ చూశాను. ఫీజు ఉందన్నారు కదా, అందుకే ఎదురుచూడకండి. హోటల్ లెటర్‌హెడ్ మీద "ఈ కోడ్ మీద మేము డబ్బు తీసుకోము, వదిలేయండి" అని రాయించుకుని, కోడ్, తేదీ, మొత్తం వేయించుకుని మీ బ్రాంచిలో ఇవ్వండి. కౌంటర్ దగ్గర ఒప్పుకోకపోతే కార్డుల విభాగానికి మెయిల్ చేయమని అడగండి.

గిరింపేట_వాసి
రాత్రి మేనేజరు క్యాన్సిల్ స్లిప్పు ఫోటో పంపాడు, అదే 418302 ఉంది. పొద్దున పాస్‌బుక్‌లో మాత్రం ఏమీ మారలేదు. బ్రాంచికి వెళ్తే "మా వైపు ఇంకా రాలేదు" అన్నారు. లెటర్ కూడా అడిగాను, రేపు ఇస్తామన్నారు.

స్వైప్_మిషన్_మామ
క్యాన్సిల్ వెళ్లింది, మీ బ్యాంకు దాన్ని జత చేసుకోవాలి. కొన్ని చోట్ల ఒకటి రెండు రోజులు పడుతుంది. వదిలేటప్పుడు మెసేజ్ రాకపోవచ్చు కూడా, బ్యాలెన్సే చూసుకోండి. లెటర్ మాత్రం తీసిపెట్టుకోండి.

కాణిపాకం_బస్సు
నా బీరువా డబ్బు కట్టేశా. అన్నట్టు, యాప్‌లో కార్డు సేవ్ చేస్తే 2 రూపాయలు కట్ అయి మళ్లీ మాయమవుతోంది. ఇదీ అదేనా మామా?

స్వైప్_మిషన్_మామ
అదే. కార్డు బతికే ఉందా అని తట్టి చూడటం, తీసుకోరు.