ఆస్తమా ఉన్న అమ్మకు టిమోలాల్ చుక్కలు: వేరే దారి ఉందా?

మాది గాజువాక. అమ్మకు 64 ఏళ్లు, గ్లకోమాతో పాటు పాత ఆస్తమా. రెండేళ్లుగా రాత్రిపూట లాటనోప్రోస్ట్ వేస్తున్నాం. కళ్లు కాస్త ఎర్రబడటం, కనురెప్పల వెంట్రుకలు పొడవవడం తప్ప ఇబ్బంది లేదు (కాటుక పెట్టిందా అని చుట్టాలు అడుగుతుంటారు).

కంటి ప్రెషర్ 24 దగ్గరే ఉందని గత నెల టిమోలాల్ కూడా రాశారు. ఆస్తమా సంగతి మేమూ చెప్పలేదు. నాలుగో రోజు నుంచి రాత్రిళ్లు పిల్లికూతలు, సాల్బుటమాల్ పీల్చినా మునుపటిలా తగ్గలేదు. చుక్క కన్నీటి నాళంలోంచి ముక్కులోకి దిగి, రక్తంలో కలిసి ఊపిరి గొట్టాలను బిగించేస్తుందట. ఫోన్ చేస్తే టిమోలాల్ వెంటనే ఆపమన్నారు, లాటనోప్రోస్ట్ మాత్రం మానొద్దన్నారు.

రేపు చూపిస్తున్నాం. ఆస్తమా ఉండి డోర్జోలమైడ్ వాడినవాళ్లున్నారా? ప్రెషర్ ఎంత తగ్గింది? చుక్క వేశాక ముక్కు పక్కన కంటి మూల నొక్కి పట్టుకుంటే టిమోలాల్ వాడొచ్చని పక్కింటావిడ అంటున్నారు, నాకైతే ధైర్యం చాలట్లేదు.