డల్లాస్ నుంచి మెసేజ్: నల్లగొండల నిద్ర చెడకుండ ఎట్ల పంపాలె?

కొత్తగా డల్లాస్ వచ్చిన తమ్ముడు: అన్నలూ, అక్కలూ, ఈ అక్టోబర్‌ల నా పని అయ్యేసరికి సాయంత్రం ఆరున్నర. నల్లగొండల అప్పుడు తెల్లారుజామున ఐదు. మెసేజ్ పెడితే టింగుమని మోగి అమ్మ లేస్తుంది. ఇద్దరికీ టెలిగ్రామ్ ఉంది. ఎట్ల?

పాలమూరు అన్న: తమ్మీ, రెండు దార్లున్నయి. మెసేజ్ టైప్ చేసి, పంపే బాణం గుర్తును వదలకుండ నొక్కి పట్టు. Send Without Sound ఎంచుకుంటే మెసేజ్ వెంటనే పోతది, అమ్మ ఫోన్ మీద కనిపిస్తది, మోగదు. ఇది ఆ ఒక్క మెసేజ్‌కే. తర్వాతి దానికి మళ్ల నొక్కి పట్టాలె. Schedule Message ఎంచుకుంటే నువ్వు పెట్టిన టైమ్‌కు పోతది, మామూలుగనే మోగుతది. ‘డబ్బులు పంపిన’ లాంటి మాటకు మొదటిది చాలు. ‘ఏడింటికి గోలీ వేసుకో’ అనే మాటకు రెండోదే పెట్టు, అక్కడ మోగుడే కావాలె.

సూర్యాపేట బావ: ఫోన్ బంద్ చేసి పడుకుంటే షెడ్యూల్ చేసింది పోదు. ఛార్జింగ్ పెట్టి ఉంచు.

పాలమూరు అన్న: గది మామూలు ఎస్సెమ్మెస్‌కు నిజం బావా, అది ఫోన్‌లనే ఆగి ఉంటది. టెలిగ్రామ్‌ల మెసేజ్ వాళ్ల సర్వర్‌ల ఉంటది కాబట్టి నీ ఫోన్ బందున్నా పోతది.

తమ్మీ, అందరూ తప్పేది టైమ్ దగ్గర. అక్కడ పెట్టేది నీ ఫోన్ టైమ్, అమ్మది కాదు. నల్లగొండల సోమవారం పొద్దున 7 గంటలకు చేరాలంటే, ఇప్పుడు ఆదివారం రాత్రి 8:30 పెట్టాలె. సోమవారం అని పెడితే ఒక రోజు ఆలస్యం. నవంబర్ మొదటి ఆదివారం మీ దగ్గర గడియారం గంట వెనక్కి పోతది, మన దేశంల మారదు. అప్పటి నుంచి రాత్రి 7:30 పెట్టు. పాత అలవాటుతో 8:30 పెడితే అమ్మకు ఎనిమిదింటికి చేరుతది.

మిర్యాలగూడ అక్క: మా ఫ్యామిలీ గ్రూప్‌ల పొద్దుగాల్నుంచి ఒకటే దండాల ఫొటోలు. నేను గ్రూప్ మ్యూట్ చేసిన, హాయిగ ఉంది. నువ్వూ గట్లనే చెయ్యి నాయనా.

పాలమూరు అన్న: అక్కా, గట్ల చేస్తే మోగకుండేది తమ్ముని ఫోనే. అమ్మ ఫోన్ ఎప్పటిలెక్కనే మోగుతది.

తమ్ముడు: పెట్టిన టైమ్ తప్పైందని తర్వాత తెలిస్తే?

పాలమూరు అన్న: ఆ చాట్‌ల టైప్ చేసే గడి పక్కన క్యాలెండర్ గుర్తు వస్తది. దాన్ని తెరిస్తే ఇంకా పోనివి కనిపిస్తయి. మెసేజ్‌ను నొక్కి Reschedule చేసుకో, లేకుంటే తీసెయ్యి.

దేవరకొండ చెల్లి: అన్నా, అమ్మ ఆన్‌లైన్‌లకు వచ్చినప్పుడే పోయేటట్టు Send When Online కూడా ఉంటది గదా? నాకు కొందరి చాట్‌ల వస్తలేదు.

పాలమూరు అన్న: వాళ్లు చివరిసారి ఎప్పుడు చూసిన్రో నీకు కనిపిస్తేనే అది వస్తది చెల్లె. దాచిపెట్టుకున్నోళ్లకు రాదు.

తమ్ముడు: మా నాన్నది రాత్రి డ్యూటీ, పగలు పడుకుంటడు. ఆయనకు మధ్యాహ్నం 12కు పోవాలె, మోగొద్దు కూడ. ఐఫోన్‌ల రెండూ కలిపి చేసినోళ్లు ఎవరన్న ఉన్నరా?