కొత్త వీల్: ఆర్కేడ్‌తో మొదలా, సిమ్‌తోనా?

కొత్తబండి: ఆర్కేడ్ రేసింగ్ ఆట ఫోర్జా హొరైజన్‌లో ప్యాడ్‌తో బాగానే ఆడతాను. లాజిటెక్ జీ29 స్టీరింగ్ వీల్ బిగించి సిమ్యులేటర్ ఆట అసెట్టో కోర్సాలోకి వస్తే మలుపుమలుపుకీ కారు గింగిరాలు తిరుగుతోంది. కొన్నాళ్లు ఆర్కేడ్‌లోనే చెయ్యి తిప్పుకోవాలా?

హ్యాండ్‌బ్రేక్_రాజు: ఆర్కేడే బ్రో. వీల్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో తిరుగుడు 900 నుంచి 270 డిగ్రీలకు దించు, వీల్ బలాన్ని సర్దే గెయిన్ పూర్తిగా పెంచు. వీల్ ఎంత బిగువుగా ఉంటే రోడ్డు అంత తెలుస్తుంది.

నాలుగోగేర్: 270 ఆర్కేడ్‌కి నప్పుతుంది. సిమ్‌లో 900 అలాగే ఉంచండి, లేకపోతే చెయ్యి కాస్త కదిపినా ముందు చక్రాలు ఎక్కువ తిరిగేస్తాయి.

గెయిన్ సంగతి మాత్రం తలకిందులైంది రాజు గారూ. మలుపులో స్టీరింగ్ తిప్పేకొద్దీ వీల్ బరువెక్కుతుంది. ముందు టైర్ల పట్టు చివరికి చేరే కాస్త ముందు ఆ బరువు తగ్గడం మొదలవుతుంది. ఇక తిప్పొద్దని చేతికి అందే హెచ్చరిక అదే, ఎందుకంటే కుర్చీలో కూర్చున్నవాడికి ఒంటికి తెలిసేదేమీ ఉండదు. జీ29 మోటార్ బలం తక్కువ. గెయిన్ మరీ పెంచితే మామూలు బరువుకే మోటార్ తన హద్దు తాకేస్తుంది. ఆపైన ఎంత పెరిగినా, కొంత తగ్గినా చేతికి ఒకే బిగువు. దాన్నే క్లిప్పింగ్ అంటారు.

ఇలా చూసుకోండి: ఆటలో పెడల్స్ యాప్ తెరిచి, వేగంగా తిరిగే పొడవాటి మలుపులో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బార్ గమనించండి. ట్రాక్ అంచు కెర్బ్ ఎక్కినప్పుడు ఒక్క క్షణం ఎర్రబడితే ఫర్వాలేదు. మలుపంతా ఎర్రగానే ఉంటే ఐదైదు చొప్పున గెయిన్ దించండి.

పెడల్_బాధితుడు: నాదీ ఇదే గొడవ! బ్రేక్ తొక్కితే చక్రాలున్న నా కుర్చీ వెనక్కి పోతోంది. తొక్కిన బలాన్ని కొలిచే లోడ్ సెల్ పెడల్స్ కొననా?

నాలుగోగేర్: అది వేరే గొడవండీ. కుర్చీ జారుతుంటే లోడ్ సెల్‌తో ఇంకా కష్టం, దాన్ని ఇంకా గట్టిగా తొక్కాలి. ముందు కుర్చీ చక్రాలు కదలకుండా అడ్డం పెట్టి, పెడల్స్‌ని గోడకు ఆనించండి. జీ29 బ్రేక్ లోపల రబ్బరు దిమ్మ ఉంటుంది, చివర్లో గట్టిగా తగిలేది అదే. పూర్తిగా నొక్కాననుకున్నా తెరమీద బార్ నిండదు.

కొత్తబండి గారూ, తిరిగేది ఎక్కడ? మలుపు లోపలికి వెళ్తూనా, బయటికి వస్తూనా?

కొత్తబండి: బయటికి వస్తూ, గ్యాస్ ఇవ్వగానే. వెనక చక్రాలకు పవర్ వెళ్లే బండి.

నాలుగోగేర్: అయితే స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే గ్యాస్ పూర్తిగా తొక్కుతున్నారు. వీల్ ఎంత నిటారుకు వస్తే గ్యాస్ అంతే పెంచండి. ప్యాడ్ అలవాటుతో కాలు ఒక్కసారిగా దిగిపోతుంది. ఆర్కేడ్‌లో ఆట సర్దేస్తుంది కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు.

హ్యాండ్‌బ్రేక్_రాజు: గెయిన్ మాట ఒప్పుకున్నా. కానీ హొరైజన్‌లో స్టీరింగ్‌ని సిమ్యులేషన్‌కి మార్చి, ట్రాక్షన్ కంట్రోల్ తీసేస్తే అక్కడా బండి తిరుగుతుంది. కాలు అక్కడే నేర్చుకోవచ్చుగా?

నాలుగోగేర్: కాలు నేర్చుకోవచ్చు. వీల్ తేలికయ్యే ఆ క్షణం నాకైతే అక్కడ అంత స్పష్టంగా అందదు.

హ్యాండ్‌బ్రేక్_రాజు: నాకు అందుతుంది మరి.