ట్రయల్ బ్యాలెన్స్‌లో 5,400 తేడా: సస్పెన్స్‌లో వేసి ముగించవచ్చా?

అంబాజీపేట గుమస్తా: మాది కొబ్బరికాయల హోల్‌సేల్ కొట్టు, లెక్కలన్నీ చేతిరాత పుస్తకాల్లోనే. మార్చి 31 ట్రయల్ బ్యాలెన్స్‌లో డెబిట్ వైపు 5,400 తక్కువొచ్చింది. ప్రస్తుతానికి సస్పెన్స్ ఖాతాకి డెబిట్ రాశాను, అలాగే ముగించేయమంటున్నారు మా షావుకారు గారు. ముగించవచ్చా, తప్పు దొరికేదాకా ఆగాలా?

తణుకు మిల్లు లెక్కలు: ముగించెయ్యి తమ్ముడూ. సస్పెన్స్ ఉన్నదే అందుకు, తీరిగ్గా వెతుక్కోవచ్చు. తేడాలో సగం, అంటే 2,700 ఎక్కడైనా డెబిట్‌కి బదులు క్రెడిట్‌లో పడిందేమో చూడు. కచ్చితంగా అదే అయ్యుంటుంది.

అంబాజీపేట గుమస్తా: 2,700 ఒక్కటే ఉందండి, మేమిచ్చిన డిస్కౌంట్. అది డెబిట్‌లోనే ఉంది.

భీమవరం పాత అకౌంటెంట్: ముందు మొత్తాలు మళ్లీ కూడు బాబూ. నగదు, బ్యాంకు నిల్వలు ట్రయల్ బ్యాలెన్స్‌లోకి ఎక్కాయో లేదో చూడు, చాలాసార్లు జారిపోయేవి అవే. అవి సరిగ్గా ఉంటే 5,400ని 9తో భాగించు. 600 వస్తుంది, శేషం లేదు. అంకెలు తారుమారైతే తేడా ఇలాగే ఉంటుంది. వేలూ వందలూ తారుమారై ఉంటే ఆ రెండు అంకెల మధ్య తేడా 6 ఉండాలి: 71కి 17, 82కి 28, 93కి 39 లాగా. 6,000 బదులు 600 రాసినా ఇంతే తేడా వస్తుంది. క్యాష్ బుక్ పక్కన లెడ్జర్ పెట్టుకుని అలాంటి మొత్తాలే చూడు.

అంబాజీపేట గుమస్తా: దొరికిందండీ! లారీ కిరాయి క్యాష్ బుక్‌లో 8,200, లెడ్జర్‌లో 2,800.

భీమవరం పాత అకౌంటెంట్: సస్పెన్స్ ముందే రాశావు కాబట్టి, లారీ కిరాయి ఖాతా డెబిట్ 5,400, సస్పెన్స్ క్రెడిట్ 5,400. నగదు సరిగ్గానే ఉంది, దాన్ని ముట్టుకోకు. ఇది తెలియకుండా ముగించి ఉంటే లాభం 5,400 ఎక్కువ కనబడేది. వచ్చే ఏడాది దిద్దేటప్పుడు లాభనష్టాల సర్దుబాటు ఖాతా ద్వారా వెళ్లాల్సి వచ్చేది, లేకపోతే ఆ ఖర్చు కొత్త సంవత్సరం మీద పడుతుంది. ఆగమనేది అందుకే.

రొయ్యల మేత కొట్టు: మాస్టారూ, మేం 18,000 పెట్టి కాటా కొని కొనుగోళ్లలో రాశాం. కాటా ఖాతాకి డెబిట్ రాసి సస్పెన్స్ క్రెడిట్ చేశాం. ఇప్పుడు సస్పెన్స్‌లో 18,000 తేలింది. ఇదీ అంకెల తారుమారేనా?

భీమవరం పాత అకౌంటెంట్: కాదండీ. డెబిట్ పడింది, కాకపోతే వేరే ఖాతాలో పడింది. ట్రయల్ బ్యాలెన్స్ కలిసే ఉంది కాబట్టి సస్పెన్స్‌కి అక్కడ పనే లేదు. సస్పెన్స్ డెబిట్, కొనుగోళ్లు క్రెడిట్ 18,000 రాయండి, రెండూ సర్దుకుంటాయి.

తణుకు మిల్లు లెక్కలు: అంతా బాగుంది గానీ, బ్యాంకు వాళ్లు అడిగిన తేదీ ఆగదు కదండీ. మా మిల్లు టర్నోవర్‌లో 5,400 ఎంత? నేనైతే సస్పెన్స్ చూపించి ఇచ్చేస్తాను.

భీమవరం పాత అకౌంటెంట్: ఆ 5,400 ఒక్క తప్పే అని ఎలా తెలుస్తుంది? ఒకచోట డెబిట్ 50,000 తగ్గి, ఇంకోచోట 44,600 పెరిగినా మిగిలే తేడా ఇంతే. వెతక్కుండా చిన్నదని నేను అనలేను.

తణుకు మిల్లు లెక్కలు: అలాంటివి ఏళ్లకొకటి వస్తాయండీ. దానికోసం ప్రతిసారీ ఆగలేను.

అంబాజీపేట గుమస్తా: మాకైతే సస్పెన్స్ సున్నా అయింది. అయినా ఆ నెల కిరాయిలన్నీ లారీ రసీదులతో ఇంకోసారి సరిచూస్తున్నాను.